ఏడు పేర్లు, ఒకే కాపీ

సంపాదకుడు గారికి నమస్కారం.

గవర్నర్‌పేటలోని ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పాతికేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. శుభలేఖల నుంచి వెంచర్ బ్రోచర్ల దాకా అన్నీ నా చేతుల మీదుగానే వెళ్తాయి. ఈ మధ్య మా బావమరిదికి జరిగిన సంగతి ఒకటి మీ పాఠకులకు చెప్పాలని రాస్తున్నాను.

అతను గుంటూరులో ఉంటాడు. ఊరి బయట ఒక వెంచర్‌లో ప్లాటుకు లక్ష రూపాయలు అడ్వాన్సు కట్టాడు. ఎవరిని అడిగి కట్టావంటే, స్థలాల గ్రూపులో కొన్నవాళ్లే రాస్తున్నారన్నాడు. "ఒకళ్లా ఇద్దరా బావా, ఏడుగురు రాశారు. కంపెనీవాళ్ల ప్రకటన అయితే నేనూ నమ్మేవాణ్ని కాదు" అన్నాడు. ఆ ఏడు పోస్టులూ పంపించమన్నాను. ప్రింటు తీసి, ప్రూఫు చూసినట్టే టేబుల్ మీద పక్కపక్కన పెట్టుకున్నాను.

పైపైన చూస్తే దేనికదే వేరు. ఒకాయన "మొన్న పిల్లల్ని తీసుకుని వెళ్లి చూసొచ్చాం" అని మొదలుపెట్టాడు. ఒకావిడ "మా అత్తగారికి భలే నచ్చింది" అని రాసింది. ఇంకొకరు ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కొట్టారు. కానీ ఏడింటిలోనూ వరస ఒకటే: ముందు రోడ్డు, తర్వాత నీళ్లు, ఆ తర్వాత బ్యాంకు లోను, చివర "ఇంకా కొన్ని ప్లాట్లే ఉన్నాయట". నిజంగా చూసొచ్చిన ఏడుగురిలో ఒక్కరికైనా ముందు కరెంటు తీగలో, పక్కనున్న చెరువో గుర్తుకు రావాలి కదా. ఐదింటిలో కామాకు ముందు ఒక ఖాళీ ఉంది. మా ప్రెస్సులో అలాంటిది కనబడితే ఒకే ఆపరేటర్ కొట్టాడని అక్కడికక్కడే తేల్చేస్తాం.

అన్నిటికంటే పట్టిచ్చింది రోడ్డు కొలత. ఏడుగురూ 40 అడుగుల రోడ్డని రాశారు. మేమిద్దరం ఆదివారం టేపు పట్టుకుని వెళ్లాం. అక్కడున్నది 33 అడుగులు. 40 అనే అంకె ఒక్క కంపెనీ బ్రోచర్‌లోనే ఉంది. అంటే ఈ ఏడుగురూ చూసింది స్థలాన్ని కాదు, ఆ కాగితాన్ని.

వేళలు కూడా రాసుకున్నాను. మొదటి పోస్టు ఉదయం 9.10కి. తర్వాతవి వరసగా 9.52, 10.35, 11.14, 12.00, 12.41, 1.24. ఏ రెండిటి మధ్యా 39 నిమిషాలకు తగ్గలేదు, 46 దాటలేదు. ఒకరికొకరు తెలియని మనుషులు గడియారం పెట్టుకుని ఇలా వంతులవారీగా మాట్లాడరు.

దీన్ని ఇంత ఓపికగా ఎందుకు చేస్తారో మా ప్రెస్సుకు పని తెచ్చే ఒక డిజిటల్ మార్కెటింగ్ కుర్రాడు చెప్పాడు. ఒకే మాటలు, ఒకే బొమ్మ ఒకేసారి పది ఖాతాల్లోంచి వస్తే స్పామ్ పట్టే యంత్రం వెంటనే పోల్చుకుంటుంది. అక్కడక్కడా ఒక మాట మార్చినా వదలదు. వాక్యాన్ని మూడు నాలుగు మాటల ముక్కలుగా చేసి, రెండు పోస్టుల్లో ఎన్ని ముక్కలు కలిశాయో చూస్తుంది. అందుకే ఒకే ప్రచారాన్ని తిరగరాసి, ఎడం పెట్టి, పేర్లు మార్చి వదులుతారు. మన భాషలో యంత్రం పని మరీ కష్టం. ప్లాటు, ప్లాట్లు, ప్లాటుకి, ప్లాటే అన్నవి మనకు ఒకే మాట. మాటను అక్షరాల వరసగా మాత్రమే చూసే యంత్రానికి నాలుగు వేరు మాటలు. మాటలు మారినా సమాచారం వరస మారలేదని, తప్పు కూడా అదే తప్పని పట్టుకోవడానికి చదివే మనిషి కావాలి.

నాకు బాధ కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మా బంధువులు డాబా మీద చిక్కుకున్నారు. ఏ లైను, ఏ మేడ, పైన ఎంతమంది, అందులో పసిపిల్లలు ఎందరు అని నాలుగు ముక్కలు రాసి, చుట్టాలందరం ఒక్క అక్షరం మార్చకుండా అదే పెట్టాం. మార్చకూడదు కూడా. ఎవరైనా సొంతంగా తిరగరాసి లైను నంబరు తప్పు పెడితే పడవ ఇంకో వీధికి పోతుంది. మా అన్నయ్య కూతురు అదే సందేశాన్ని నాలుగైదు గ్రూపుల్లో పెట్టేసరికి స్పామ్ అని కొన్ని గంటలు ఖాతాను ఆపేశారు. దాచుకునేది ఏమీ లేనివాళ్లు ఉన్నదున్నట్టు రాసి దొరికిపోయారు. దాచుకునేవాళ్లు పోస్టుకో వేషం వేసి దర్జాగా గడప దాటారు.

ఎడం పెట్టినంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. ఇప్పుడు ఎక్స్ అంటున్న ట్విట్టర్, ఒకరి చేతిలోని పలు ఖాతాల్లోంచి ఒకే రకం పోస్టులు పెట్టకూడదని 2018 ఫిబ్రవరిలోనే చెప్పింది. ఒకేసారి పెట్టినా, ముందే వేళలు కట్టి తర్వాత వచ్చేలా పెట్టినా నిషేధమేనని విడమరిచి మరీ చెప్పింది. అయితే మాటలు మార్చి, వేరువేరు మనుషుల పేర్లతో నడిపితే అవన్నీ ఒకరి చేతిలోవేనని తేల్చడమే అక్కడ కష్టం.

అందుకే నేను అడిగేది సోషల్ మీడియా కంపెనీలను కాదు, స్థలాల వ్యాపారాన్ని అదుపు చేసే మన రెరాను. మీ పత్రికలో వెంచర్ ప్రకటన వస్తే అందులో రెరా రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైట్ అడ్రసు కనబడేలా వేయాలి. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టంలోని 11వ సెక్షన్ ఆ మాట చెబుతోంది. "కొన్నవాళ్ల అనుభవం" అనే ముసుగు వేయగానే ఆ నంబరు మాయమైపోయింది. ఏడు పోస్టుల్లో ఒక్కదానిలోనూ లేదు. ఈ ఎత్తుగడలో వాళ్లకు మిగిలిన అసలు లాభం ఇదేనని నా నమ్మకం. కానీ అదే చట్టం ప్రకటన అంటే ఏమిటో చెప్పేటప్పుడు ఏ మాధ్యమంలోనైనా, ఏ రూపంలోనైనా చేసే ప్రచారాన్ని కలుపుకునే చెప్పింది. డబ్బిచ్చి రాయించిన పోస్టు దానికి బయట ఉండదు. ప్రకటనలోని అబద్ధాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాళ్లకు పరిహారం ఇవ్వాలని 12వ సెక్షన్ అంటోంది.

చిక్కల్లా రుజువు దగ్గరే. ఒక్కో పోస్టును విడిగా చూస్తే అది ఎవరో ఒక మనిషి అభిప్రాయం, అంతే. ఏడింటినీ కలిపి చూస్తేనే అది ప్రకటన. కాబట్టి ఫిర్యాదు తీసుకునేటప్పుడు వేళలతో సహా స్క్రీన్‌షాట్లన్నిటినీ ఒకే ప్రకటనగా లెక్కకు తీసుకుంటామని ఏపీ రెరా అధికారులు స్పష్టంగా చెప్పాలి. ఆ ఖాతాలకు ఎవరు డబ్బిచ్చారో ప్రమోటర్‌ను పిలిచి అడగాలి. ఆ సంగతి రాబట్టడం మా బావమరిది లాంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు.

అడ్వాన్సు వెనక్కి అడిగితే "వచ్చే నెల చూద్దాం" అంటున్నారు. ఈలోగా ఆ ఏడు పోస్టుల్లో రెండు కనబడకుండా పోయాయి. ప్రింట్లు మాత్రం నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వరస కలిసినచోట ఎర్ర సిరాతో గీతలు పెట్టి, పక్కన టేపు పట్టిన రోడ్డు ఫొటో అంటించాను. ఈ సోమవారం మా బావమరిది వాటిని ఫిర్యాదుతో పాటు ఇస్తున్నాడు.

ఇట్లు,
ఒక ప్రూఫ్ రీడర్,
గవర్నర్‌పేట, విజయవాడ