నిలబడి పనిచేసే వారి పాదాల గురించి కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను వరంగల్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. బట్టల దుకాణాల్లో, సూపర్ మార్కెట్లలో రోజంతా నిలబడే ఆడవాళ్ళు నా దగ్గరికి వచ్చి, అడుగు వేస్తే కాలి కింద గులకరాయి ఉన్నట్టుందని చెబుతుంటారు. నొప్పి మడమలో కాదు, వేళ్ళ మొదళ్ళకు కాస్త వెనుక, అరికాలి ముందు భాగంలో ఉంటుంది. పొద్దున తక్కువగా మొదలై, మధ్యాహ్నం దాటాక మంటగా మారి, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది.

వారిలో 36 ఏళ్ళ ఒకామె సంగతి మీకు వివరంగా చెప్పాలి. ఆమె చీరల షోరూంలో ఉదయం పది నుంచి రాత్రి తొమ్మిది దాకా గ్రానైట్ నేల మీద నిలబడుతుంది. కూర్చునేది భోజనానికి అరగంట మాత్రమే. పై అరలోని చీర కావాలంటే మునివేళ్ళ మీద లేవాలి, కింది అర సర్దాలంటే మడమలెత్తి గొంతుక్కూర్చోవాలి. ఈ రెండు భంగిమల్లోనూ మడమ మోయవలసిన బరువు ముందుకు వచ్చి, వేళ్ళ వెనుకనున్న ఐదు పొడవాటి ఎముకల తలల మీద పడుతుంది. ఆమెకు రెండో ఎముక తల కింద రూపాయి బిళ్ళంత ఆనెకాయ కాసింది. భారం ఎక్కడ ఎక్కువగా పడుతోందో పాదమే అలా గుర్తు పెట్టి చూపిస్తుంది. పైగా ఆమె పిక్కలు బిగుసుకుపోయి ఉన్నాయి. పిక్క సాగకపోతే నడిచేటప్పుడు మడమ ముందుగానే లేచిపోయి, ఆ బరువూ అక్కడికే చేరుతుంది.

యాజమాన్యం అందరికీ ఒకే రకం నల్ల బెల్లీ షూస్ ఇచ్చింది. వాటి అడుగు ఎంత పలచనంటే, చేత్తో మడిస్తే రెండుగా మడతపడుతుంది. నొప్పి భరించలేక ఆమె మెత్తటి స్పాంజి ముక్క కొని, సరిగ్గా నొప్పి ఉన్నచోటే పెట్టుకుంది, దాంతో నొప్పి పెరిగింది. చాలామంది చేసే పొరపాటు ఇదే, ఎందుకంటే మెత్త ఎముక తల కిందికి వస్తే ఆ తలనే పైకి నెడుతుంది. అది తలకు కాస్త వెనుక ఉంటే, బరువును ఎముక పొడవునా పంచుతుంది. ఆ చోటు కనుక్కోవడానికి ఆనెకాయకు లిప్‌స్టిక్ రాసి, చెప్పు లోపలి అట్ట మీద అడుగు వేయించి, పడిన మచ్చకు వెనుక అంచున గట్టి ఫెల్టు ముక్క అతికించాను. వెడల్పాటి ముందు భాగం, సులభంగా వంగని మందపాటి అడుగు ఉన్న షూ వేసుకోమన్నాను. గోడకు చేతులానించి, మోకాలు వంచకుండా, ముప్పై సెకన్ల చొప్పున మూడుసార్లు రోజూ పిక్కలు సాగదీయించాను. ఆరు వారాలకు నొప్పి చాలావరకు తగ్గింది.

శ్రావణ మాసం రద్దీ రాగానే ఆ నొప్పి తిరిగి వచ్చింది. యూనిఫాం కాదని నేను చెప్పిన షూ వద్దన్నారు, కూర్చోవడానికి స్టూలు లేదు. చికిత్స ఫలించినా, పని తీరు దాన్ని నిలవనివ్వలేదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ నిలబడి పనిచేసే వారికి కూర్చునే ఏర్పాటు ఉండాలని చెప్పింది, కాని అది ఫ్యాక్టరీలకు వర్తించేది. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల ఉద్యోగులకూ ఆ హక్కును చట్టంలో చేర్చాయి. మన రాష్ట్రంలోనూ ప్రతి దుకాణంలో దాన్ని అమలు చేయించమని కోరుతున్నాను. అయితే మూలన ఒక స్టూలు వేసి, దాని మీద కూర్చున్న వారిని మందలిస్తే ఉపయోగం లేదు. కొనుగోలుదారు లేనప్పుడు కూర్చునే స్వేచ్ఛ నిబంధనలోనే రాయాలి. యూనిఫాం రంగు యాజమాన్యం నిర్ణయించవచ్చు గాని, అడుగు మందం, ముందు భాగం వెడల్పు ఉద్యోగి పాదానికి వదిలేయాలి. ఒకేచోట నిలబడే బిల్లింగ్ కౌంటరు వెనుక, కాలు తట్టుకోకుండా అంచులు వాలుగా ఉన్న రబ్బరు చాప పరవాలి. చాప ఉంది కదా అని కూర్చునే సమయం తగ్గించకూడదు, ఎందుకంటే అది నేల గట్టితనాన్ని తగ్గిస్తుందే గాని నిలబడే గంటలను తగ్గించదు. పై అరలకు రెండు మెట్ల పీట, కింది అరలు సర్దేందుకు పొట్టి పీట ఇస్తే మునివేళ్ళ మీద పడే భారం చాలా తప్పుతుంది. వీటికి పెద్ద ఖర్చేమీ కాదు.

మీ తనిఖీ అధికారులు మరొకటి కూడా తెలుసుకోవాలి. పాదం పైభాగం వాచి, ఒకే ఎముక మీద నొక్కితే ప్రాణం పోయినట్టుంటే, అది ఎముకలో సన్నని చీలిక కావచ్చు. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు. ఆ స్థితిలో రిపోర్టు బాగుందని ఉద్యోగిని తిరిగి నిలబెడితే ఎముక పూర్తిగా విరగవచ్చు. షుగరు వల్ల పాదం మొద్దుబారిన వారికి నొప్పే తెలియదు, ఆనెకాయ కింద పుండు మొదలయ్యాకే బయటపడుతుంది. కాబట్టి డాక్టరు చీటీ తెచ్చిన ఉద్యోగికి జీతం కోయకుండా కూర్చునే పని ఇవ్వాలని ఉత్తర్వులో స్పష్టంగా చేర్చవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
వరంగల్‌కు చెందిన ఒక ఫిజియోథెరపిస్టు