బోనస్ మనిషిదంట, మరి క్లెయిమ్ ఎవరిది సార్?

బీమా నియంత్రణ సంస్థ (ఐఆర్‌డీఏఐ) ఛైర్మన్ గారికి,

అయ్యా, నమస్కారం. విశాఖపట్నం అక్కయ్యపాలెం నుంచి రాస్తున్నాను. సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను, దాని యాక్సిడెంట్ క్లెయిమ్‌లో 28,000 కోసేశారని బీమా కంపెనీకి మెయిళ్లు పెట్టాను, వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాశాను, ఆ తర్వాత మీ ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసాలో కూడా ఫిర్యాదు చేశాను. కంపెనీ "నిబంధనల ప్రకారమే జరిగింది" అని ఒక్క వాక్యం రాసి ఫిర్యాదు మూసేసింది. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ముందే చెప్తున్నా, నో క్లెయిమ్ బోనస్ కొత్త యజమానికి రాదు అన్న రూల్ మీద నా గొడవ కాదు. ఎన్‌సీబీ అంటే క్లెయిమ్ పెట్టని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అది బండిది కాదు, జాగ్రత్తగా నడిపిన మనిషిది, అమ్మినాయన దాన్ని తన కొత్త కారుకి పట్టుకుపోతాడు, మూడేళ్ల లోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు. న్యాయమే. (కాకపోతే తండ్రి బతికుండగా కొడుక్కి కారు రాసిస్తే బోనస్ రాదు, తండ్రి పోయాక అదే కారు కొడుకు చేతికొస్తే వస్తుంది. ఇది రాసినాయనకి దండం.) రూల్ అని చెప్పారు, డబ్బు కట్టమన్నారు, కట్టాను. లెక్క కూడా చెప్తాను, కొనేవాళ్లకి పనికొస్తుంది.

నేను కొన్నది 2019 మోడల్ కారు, 2025లో కొన్నాను. పాలసీ అప్పటికి సగం నడిచింది, ఇంకా ఆరు నెలలుంది. బోనస్ తీయకముందు ఓన్ డామేజ్ ప్రీమియం 8,000. పాతాయనకి 50 శాతం బోనస్ ఉంది కాబట్టి ఆయన కట్టింది 4,000. పేరు మార్చమని వెళ్తే, ఆ తగ్గిన 4,000లో మిగిలిన ఆరు నెలల వాటా 2,000 నువ్వు కట్టు అన్నారు. దాని మీద 18 శాతం జీఎస్టీ 360, బదిలీ ఫీజు 50, ఆ యాభైకి మళ్లీ జీఎస్టీ 9, వెరసి 2,419. థర్డ్ పార్టీ ప్రీమియంలో బోనస్ అనేదే ఉండదు కాబట్టి దాని జోలికి రాలేదు. ఈ తేడా కట్టకపోతే ఓన్ డామేజ్ భాగం నా పేరుకి మారదు. థర్డ్ పార్టీ భాగం చట్టం ప్రకారం దానంతట అదే మారిపోతుంది గానీ, సొంత బండికి దెబ్బ తగిలితే మాత్రం పేరు మారేదాకా అమ్మినాయనా అడగలేడు, కొన్నవాడూ అడగలేడు. పేరు మారకపోతే కొన్నవాడు అడగలేడని సుప్రీంకోర్టు కూడా 1995లోనే చెప్పింది. అందుకే పద్నాలుగు రోజుల గడువు దాటకుండా అర్జీ, పాతాయన అంగీకార పత్రం, కొత్త ప్రపోజల్ ఫారం, డబ్బు అన్నీ ఇచ్చేశాను.

ఇక్కడ మొదలైంది సార్ అసలు కథ.

ఆ ప్రపోజల్ ఫారంలో బండికి గతంలో క్లెయిములు ఏమైనా జరిగాయా అని ఒక ప్రశ్న ఉంది. ఏం రాయాలి? ఆ బండి నా చేతికి వచ్చి వారం కూడా కాలేదు. అదే కౌంటర్లో అమ్మాయిని అడిగాను, "మీ కంపెనీ పాలసీయే కదమ్మా, మీ కంప్యూటర్లోనే ఉంటుంది, ఒకసారి చూసి చెప్పు, రాసేస్తాను" అని. "అది పాత పాలసీదారు సమాచారం సార్, మీకు చెప్పకూడదు" అంది. ఆ అమ్మాయి తప్పు కాదు, ఆవిడకి అలాగే నేర్పారు. మేనేజర్ని అడిగితే "మీకు తెలిసింది రాయండి" అన్నాడు. నాకు తెలిసింది పాలసీ మీదున్న 50 శాతం బోనస్. బండి చూపించిన మధ్యవర్తి కూడా అదే వేలు పెట్టి చూపించాడు, "యాభై శాతం ఉంది చూడండి, ఒక్క క్లెయిమ్ లేని బండి" అని. నాకు తెలియదు అని రాసి సంతకం పెట్టాను.

పాలసీ మీద 50 శాతం ఉంటే బండికి క్లెయిమ్ లేనట్టేనా? కాదు, సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లందరూ ఇక్కడే పడుతున్నారు. మామూలుగా ఏడాదికి 20, తర్వాత 25, 35, 45, ఐదో ఏడాది దాటితే 50 ఇలా పెరుగుతుంది, మధ్యలో ఓన్ డామేజ్ క్లెయిమ్ పెడితే సున్నాకి పడుతుంది. కాబట్టి ఆరేళ్ల బండికి 20 మాత్రమే ఉంటే ఈ మధ్య ఏదో జరిగిందని, లేదంటే యజమాని మారాడనో, పాలసీ తొంభై రోజులు దాటి ఆగిపోయిందనో అనుమానించొచ్చు. కానీ 50 ఉంటే మాత్రం ఏమీ చెప్పలేం. ఎందుకంటే మీరే అనుమతిచ్చిన "ఎన్‌సీబీ ప్రొటెక్షన్" అనే యాడ్ ఆన్ ఒకటుంది, కొంచెం ఎక్కువ కడితే క్లెయిమ్ తీసుకున్నా బోనస్ అలాగే ఉంటుంది. పైగా ఆ యాభై ఈ బండి మీద సంపాదించిందో, ఆయన ఇంతకు ముందు అమ్మేసిన కారు మీద సంపాదించి దీనికి తెచ్చుకున్నదో కాగితం మీద తెలియదు. మరి కొనేవాడు దేన్ని చూసి నమ్మాలి సార్?

కొన్ని నెలలకి మా ఊళ్లో ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ముందు బండి సడన్‌గా ఆగితే నా కారు ముందు భాగం దెబ్బతింది. బంపర్, రేడియేటర్, ఒక హెడ్‌లైట్, దాని వెనకాల వైరింగ్ కట్ట, ఒక కంట్రోల్ మాడ్యూల్. షెడ్డువాళ్లు వేసిన బిల్లు 62,000. సర్వేయర్ వచ్చాడు, ఫోటోలు తీశాడు, వెళ్లాడు. తర్వాత రిపోర్టులో వైరింగ్, మాడ్యూల్ కలిపి 28,000 కొట్టేశారు. కారణం ఏం రాశారో తెలుసా? "గత నీటి ముంపు వల్ల ముందే పాడైన భాగాలు". ఏ ముంపు అని అడిగితే సర్వేయరే చెప్పాడు, "2024 సెప్టెంబర్లో విజయవాడ బుడమేరు వరదలో ఈ బండి మునిగింది సార్, అప్పటి క్లెయిమ్ ఫైల్లో ఉంది" అని.

అంటే ఫైల్లో ఉంది! నేను ఫారం నింపుతూ బతిమాలినప్పుడు కూడా ఫైల్లోనే ఉంది. నా దగ్గర 2,419 తీసుకుని పేరు మార్చిన రోజు కూడా ఉంది. అప్పుడు అది పాతాయన వ్యక్తిగత సమాచారం. నా క్లెయిమ్ కోసేటప్పుడు మాత్రం అది బండి చరిత్ర అయిపోయింది. పొలం అన్నకి, అప్పు తమ్ముడికి రాసిన వీలునామాలా ఉంది ఈ వ్యవహారం. బోనస్ పాతాయనతో వెళ్లింది, ఆయన తీసుకున్న క్లెయిమ్ తాలూకు శిక్ష మాత్రం నాతో వచ్చింది.

వైరింగ్ యాక్సిడెంట్లో తెగిందా, పాత తుప్పా అంటే, తెగిన చోట తీగ మెరుస్తోందని, తుప్పు ఉన్నది వేరే చోట అని మెకానిక్ ఫోటోలు తీసి ఇచ్చాడు. పంపాను. జవాబు లేదు.

కొనేముందు చూసుకోవాలి కదా అంటారని తెలుసు. చూపించాం సార్, తెలిసిన మెకానిక్‌కే. సీటు రైళ్ల మీద తుప్పు ఉంటే, సముద్రం పక్క ఊళ్లో సీటు కింద తుప్పు లేని బండి ఏది అన్నాడు, అది నిజమే. 2019లో రాష్ట్రమంతటికీ ఒకటే ఏపీ 39 సిరీస్ పెట్టారు కాబట్టి, బండి విజయవాడలో తిరిగిందో గాజువాకలో తిరిగిందో ప్లేటు చూసి చెప్పలేం. సీటు బెల్టు చివరిదాకా లాగి చూస్తే బురద గీత కనిపిస్తుందంటారు, ఈ బండికి బెల్టులు మార్చేశారు, కార్పెట్ మార్చేశారు. ఎవరి డబ్బుతో? క్లెయిమ్ డబ్బుతోనే కదా. ఎంపరివాహన్‌లో చూస్తే ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో చెబుతుంది, లోను ఉందో లేదో చెబుతుంది, క్లెయిమ్ గురించి ఒక్క ముక్క ఉండదు.

మరి సమాచారం ఎక్కడా లేదా అంటే ఉంది. మీ సంస్థే పెట్టిన ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో హైదరాబాద్‌లోనే ఉంది, కంపెనీలన్నీ తమ పాలసీలు, క్లెయిముల వివరాలు దానికి పంపుతాయి. అది కంపెనీలకి అక్కరకి వస్తుంది, కొన్నవాడికి మాత్రం అక్కరకి రాదు. ఇది ఏ న్యాయం సార్? నేను ఆయన ఆధార్ అడగలేదు, ఆయన ఎంత సంపాదిస్తాడో అడగలేదు, ఫలానా నంబరు బండికి ఫలానా నెలలో ముంపు క్లెయిమ్ ఇచ్చాం, ఇవి మార్చాం అన్న రెండు లైన్లు అడిగాను. ఓన్ డామేజ్ బదిలీకి పాతాయన సంతకంతో అంగీకార పత్రం ఎలాగూ తీసుకుంటున్నారు కదా, అదే కాగితంలో "ఈ బండి క్లెయిమ్ వివరాలు కొన్నవారికి ఇవ్వడానికి సమ్మతమే" అని ఇంకో లైను వేయించడానికి ఏం అడ్డం? అది కూడా ఆలస్యమే నిజానికి, అప్పటికే డబ్బు చేతులు మారిపోతుంది. అమ్మేవాడి ఫోనుకి ఓటీపీ పంపి, ఆయన ఒప్పుకుంటే కొనేవాడికి ముందే కనపడేలా చేస్తే సరిపోతుంది. ఒప్పుకోకపోతే ఆ బండి కొనాలో వద్దో మేం చూసుకుంటాం.

ఇంకో మాట. బండి చూపించిన అదే మధ్యవర్తి నాకు ఏం సలహా ఇచ్చాడంటే, "పేరు మార్చేటప్పుడు అనవసరంగా కట్టారు, రెన్యూవల్ వేరే కంపెనీలో ఆన్‌లైన్లో చేసి 50 శాతం అని టిక్ పెట్టేయండి, ఎవరూ చూడరు" అని. చాలామంది చేస్తున్నది అదే. ఆ టిక్ కింద చిన్న అక్షరాల్లో డిక్లరేషన్ ఉంటుంది, తప్పని తేలితే ఓన్ డామేజ్ ప్రయోజనాలన్నీ పోతాయని. పాత టారిఫ్‌లో కొత్త కంపెనీ 21 రోజుల్లోపు పాత కంపెనీకి రాసి బోనస్ సరిచూసుకోవాలి, వాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి అని స్పష్టంగా రాసుంది. ఆ పని ప్రీమియం తీసుకున్నప్పుడు చేస్తే కొన్నవాడికి అప్పుడే తెలిసి తేడా కట్టుకుంటాడు. కానీ చాలా చోట్ల అది క్లెయిమ్ వచ్చాకే గుర్తొస్తోంది. ప్రీమియం అప్పుడు నిద్ర, క్లెయిమ్ అప్పుడు మెలకువ. దీన్ని కూడా మీరే చూడాలి, ఇంకెవరికి చెప్పుకోవాలి మేం?

రూల్ మార్చమని అడగడం లేదు, బోనస్ ఇప్పించమనీ అడగడం లేదు. బండికి జరిగింది బండి కొన్నవాడికి చెప్పండి, అంతే. చెప్పడం కుదరదంటే, ఆ పాత ఫైలు తీసి నా క్లెయిమ్ కోయడం కూడా కుదరదని మీ కంపెనీలకి ఒక ఉత్తరం రాయండి. దయచేసి రెండిట్లో ఏదో ఒకటి చేయండి. నా 28,000 సంగతి ఎలాగూ అంబుడ్స్‌మన్ దగ్గరికి తీసుకెళ్తున్నాను, ఆ ఫిర్యాదుకి జత చేయడానికి 2024 క్లెయిమ్ కాపీ కావాలని కంపెనీని మళ్లీ అడిగాను. "అది పాత పాలసీదారు సమాచారం, ఇవ్వలేము" అని మళ్లీ అదే జవాబు వచ్చింది. ఆ కాపీ ఇప్పించండి సార్, ముందు అది ఇప్పించండి.

ఇట్లు,
ఒక సెకండ్ హ్యాండ్ కారు యజమాని,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం