‘ఎక్కడుంటారు?’ వేరు, ‘ఎక్కడ దిగారు?’ వేరు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల పరీక్షల సంగతి, ఫీజుల సంగతి క్లాస్ టీచర్లు డైరీలో రాసి పంపారు కాబట్టి వాటి జోలికి పోను. పోయిన వారం మన బడిలో జరిగిన ఒక చిన్న విషయం మీకు చెప్పాలని ఉంది.

ఇంగ్లండ్‌లో చాలా ఏళ్లు టీచరుగా చేసి రిటైరైన ఒకావిడ శ్రీవారి దర్శనానికి వచ్చి, తెలిసినవాళ్ల ద్వారా మన బడి చూడ్డానికి వచ్చారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఆవిడకు లైబ్రరీ చూపించింది, నేను పక్కనే ఉన్నాను. పిల్ల ఎంతో మర్యాదగా, ఏమాత్రం బెరుకు లేకుండా ‘వాట్ ఈజ్ యువర్ గుడ్ నేమ్, మేడమ్?’ అని అడిగింది. ఆవిడ ఒక్క క్షణం ఆగి, నవ్వి, పేరు చెప్పారు. తర్వాత ఆవిడ ‘ఆర్ యూ ఫ్రమ్ తిరుపతి?’ అంటే మన పిల్ల ‘ఎస్ మేడమ్, ఐ యామ్ స్టేయింగ్ ఇన్ బైరాగిపట్టెడ’ అంది. ఆవిడ దానికి, ఓహో, ఈ పిల్ల చుట్టాలింటికి వచ్చి ఉన్నట్టుంది అనుకుని ‘హౌ లాంగ్ ఆర్ యూ హియర్ ఫర్?’ అని అడిగారు, అంటే ఎన్నాళ్లుంటావు అని. అమ్మాయికి అది బడి గురించి అడిగినట్టు వినపడింది. ‘టిల్ ఫోర్ ఓ క్లాక్, మేడమ్’ అంది.

ఇద్దరూ నవ్వుకున్నారు, అమ్మాయి ఏమీ చిన్నబుచ్చుకోలేదు. కానీ ఆ పిల్ల గ్రామర్‌లో తప్పేమీ లేదు, ఉచ్చారణ బాగుంది, అయినా మాట చేరాల్సినచోటికి చేరలేదు. ఎందుకో చెప్తాను.

ముందు ఆ ‘గుడ్ నేమ్’. ఇది తెలుగులోంచి వచ్చింది కాదు. హిందీవాళ్లు మర్యాదగా ‘శుభ్ నామ్’ అని అడుగుతారు, దాన్ని అలాగే ఇంగ్లీషులో పెట్టేశారు. బెంగాలీవాళ్లకు ఇంట్లో పిలుచుకునే ‘డాక్ నామ్’ ఒకటి, బడిలో, కాగితాల్లో ఉండే ‘భాలో నామ్’ ఇంకొకటి ఉంటాయి, ఆ రెండో మాటకు అర్థం మంచి పేరు అనే. మనం మాత్రం తెలుగులో ఎప్పుడూ ‘మీ మంచిపేరేంటండీ’ అని అడగం కదా, ఎందుకంటే మనకు మంచిపేరంటే పదిమందిలో తెచ్చుకునే పేరు, పరువు. ఇంగ్లీషులో కూడా ‘గుడ్ నేమ్’ అంటే సరిగ్గా అదే, పరువు. ఆవిడ ఆ ఒక్క క్షణం ఆగింది అందుకే, తర్వాత అడిగితే ఆవిడే చెప్పారు.

మరి మన పిల్లలు దాన్ని ఎందుకు పట్టుకున్నారంటే, నాకు తోచిన కారణం ఇది. తెలుగులో మర్యాదంతా ‘మీరు’లో, ‘అండీ’లో ఉంటుంది. ‘నీ పేరేంది?’ అన్నా ‘మీ పేరేంటండీ?’ అన్నా ఇంగ్లీషులో రెండూ ‘వాట్స్ యువర్ నేమ్?’ అయిపోతాయి, నువ్వుకీ మీరుకీ అక్కడ తేడా లేదు. పెద్దవాళ్లను అలా ఉత్తగా అడగాలంటే మనకు నోరు రాదు, ఏదో ఒకటి తగిలించాలనిపిస్తుంది, ఆ ఖాళీలోకి ‘గుడ్’ వచ్చి కూర్చుంది. పిల్ల మనసులో ఉన్నది మర్యాదే, అందుకే దీన్ని తప్పు అని కొట్టేయొద్దని మా టీచర్లకు కూడా చెప్పాను.

ఇంగ్లీషులో ఆ మర్యాదను ఇంకోలా చూపిస్తారు. ముందు మన పేరు మనం చెప్పుకోవడం అన్నిటికంటే సులువు: ‘హలో, ఐ యామ్ కీర్తన’ అని కాస్త ఆగితే చాలు, ఎదుటివాళ్లు తమ పేరు తామే చెప్తారు, అడిగే పనే ఉండదు. ఆఫీసులోనో ఫోన్లోనో రాసుకోవడానికి కావాలంటే ‘మే ఐ హావ్ యువర్ నేమ్, ప్లీజ్?’ అనొచ్చు. చెప్పారు గానీ సరిగ్గా వినపడలేదంటే ‘సారీ, ఐ డిడ్‌న్ట్ క్యాచ్ యువర్ నేమ్’. తోటి పిల్లల్ని అడగడానికి ‘వాట్స్ యువర్ నేమ్?’ అనేది నవ్వుతూ అడిగితే ఏమాత్రం మొరటు కాదు.

ఇక ‘స్టేయింగ్’. దీని మీద కొంచెం ఎక్కువసేపు కూర్చోవాలి. మన ‘ఉండు’ అన్న మాట చాలా పెద్దది, సొంతింట్లో ఉన్నా, లాడ్జిలో ఉన్నా, ఊరికే కుర్చీలో ఉన్నా ఒకటే మాట. ‘మీరెక్కడుంటారు?’ని పిల్లలు ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ‘స్టే’ చేతికి దొరుకుతుంది, దానికి ‘ఇంగ్’ కూడా తగిలిస్తారు. ఇంగ్లీషువాళ్ల చెవికి ‘ఐ యామ్ స్టేయింగ్’ అంటే నాలుగు రోజులుండి పోయే మనిషి. స్థిరంగా ఉండేవాళ్లు ‘ఐ లివ్ ఇన్ బైరాగిపట్టెడ’ అంటారు. (స్కాట్లాండ్‌లో మాత్రం ‘వేర్ డూ యూ స్టే?’ అంటే మీ ఇల్లెక్కడ అనే అర్థం, అక్కడివాళ్లు రోజూ అలాగే మాట్లాడతారు.)

అయితే ఈ తేడా మన తిరుపతి పిల్లలకు కొత్తగా నేర్పాల్సిందేమీ కాదు, వాళ్లకు అది తెలుగులో ఎప్పుడో వచ్చు. రైల్వే స్టేషన్ దగ్గర విష్ణునివాసం ముందో, బస్టాండ్ దగ్గర శ్రీనివాసం ముందో నిలబడి వినండి, యాత్రికుల్ని మనవాళ్లు ఎవరైనా ‘మీరెక్కడుంటారు?’ అని అడుగుతారా? ‘యాడ దిగినారు?’ అంటారు. ఆ ‘దిగినారు’ ఉంది చూడండి, అదే ‘వేర్ ఆర్ యూ స్టేయింగ్?’. ‘మీ ఇల్లెక్కడ?’ అంటే ‘వేర్ డూ యూ లివ్?’. ‘మీదే ఊరు?’ అంటే ‘వేర్ ఆర్ యూ ఫ్రమ్?’. తెలుగులో మూడు ప్రశ్నలు, ఇంగ్లీషులోనూ మూడే. పిల్ల మనసులో ఏ తెలుగు ప్రశ్న ఉందో ముందు చూసుకుంటే ఇంగ్లీషు మాట దానంతటదే సరిగ్గా వస్తుంది.

అటూ ఇటూగా ఉండేవి కొన్ని ఉన్నాయి. మన హాస్టల్ పిల్లలు ‘ఐ స్టే ఇన్ ద హాస్టల్’ అంటే బాగానే ఉంటుంది, ఎందుకంటే ఇల్లు వేరే ఊళ్లో ఉంది. ట్రాన్స్‌ఫర్ మీద రెండేళ్లకని వచ్చిన కుటుంబం ‘వీ ఆర్ లివింగ్ ఇన్ తిరుపతి ఫర్ నౌ’ అనొచ్చు. ఇంకొకటి, కొత్తగా పరిచయమైన విదేశీయుల్ని ఇల్లెక్కడ అని నేరుగా అడిగితే కొందరికి ఇబ్బందిగా ఉంటుంది, మనకేమో అది పలకరింపు. అలాంటప్పుడు ‘డూ యూ లివ్ నియర్‌బై?’ అని మెత్తగా అడగడం మేలు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. ఇంట్లో తాతయ్యో, వీధిలో ఆటో అన్నో ‘గుడ్ నేమ్’ అంటే పిల్లలు నవ్వకుండా చూడండి. మన దేశంలో ఆ మాట అందరికీ అర్థమవుతుంది, దాని వెనకున్న గౌరవం కూడా అర్థమవుతుంది. చుట్టాలొచ్చినప్పుడు ‘అంకుల్‌కి గుడ్ నేమ్ చెప్పు నాన్నా’ అనే బదులు ‘నీ పేరు చెప్పు’ అనండి, తెలుగులోనే చెప్పనివ్వండి.

వచ్చే శనివారం 6 నుంచి 8 తరగతులకు ఇంగ్లీషు పీరియడ్‌లో ఈ మూడు ప్రశ్నలూ జంటలుగా కూర్చోబెట్టి అడిగిస్తున్నాం, ఒకరు యాత్రికులు, ఒకరు ఊరివాళ్లు. ఇంటికొచ్చి మిమ్మల్ని కూడా అడుగుతారు, కాసేపు యాత్రికులైపోండి.

ఆ రోజు ఆవిడ వెళ్తుంటే గేటు దాకా వెళ్లిన ఆ అమ్మాయే మళ్లీ అడిగింది, ‘మేడమ్, వేర్ ఆర్ యూ స్టేయింగ్?’ అని. స్టేషన్ దగ్గర లాడ్జి పేరు చెప్పి, ఇంకా రెండు రోజులుంటానన్నారావిడ.

మీ,
ప్రధానోపాధ్యాయిని