మోరీ తీయాలా, తీయించాలా?

సంపాదక మహాశయా,

మీ శుక్రవారం ఇంగ్లిష్ శీర్షికలో వచ్చిన తప్పు గురించి ఈ ఉత్తరం తొమ్మిది రోజులు ఆలస్యంగా రాస్తున్నాను. మొదటి మూడు రోజులు మీరే సవరణ వేస్తారేమోనని ఎదురుచూశాను. మిగతా రోజులు నడుము పట్టేసిన మా ఎదురింటి పెద్దమనిషిని ఆసుపత్రికి తిప్పడంతో సరిపోయింది. ఆయన నడుముకూ మీ పత్రికకూ ఏం సంబంధం అంటారేమో. ఉంది.

మోరీల నోటీసు గొడవ మీ జిల్లా పేజీలోనే వచ్చింది కాబట్టి మొత్తం మళ్లీ చెప్పను. వానలకు ముందు ఎవరి ఇంటి ముందు మోరీ వాళ్లు బాగు చేసుకోవాలని కాలనీలో కాగితాలు అంటించారు. పైన ఇంగ్లిష్, కింద తెలుగు. తెల్లారేసరికి మా గల్లీలో తెలుగు సగం మీద ఎవరిదో పుట్టినరోజు పోస్టర్ పడింది. మిగిలిన ఇంగ్లిష్ ఇది: ‘ఓనర్స్ షల్ హ్యావ్ క్లీన్డ్ ది డ్రెయిన్స్ బై ది ఫిఫ్టీంత్’. అంటే పదిహేనో తారీఖుకల్లా యజమానులు మోరీలు శుభ్రం చేసేసి ఉండాలి. మా ఎదురింటాయన కాజీపేటలో రైల్వే రిజిస్టర్లు ఇంగ్లిష్‌లో రాసి రిటైరైన మనిషి. ఉన్నది ఉన్నట్టు చదివాడు. అరవై ఎనిమిదేళ్ల వయసులో పార పట్టుకుని మోరీలోకి దిగాడు. నాలుగు తట్టల పూడిక ఎత్తేసరికి నడుము పట్టుకుంది. పక్క గల్లీలో పోస్టర్ పడలేదు. అక్కడి వాళ్లు తెలుగు చదివి, ఇద్దరు కూలీలను పిలిచి, ఇంటికి నాలుగు వందలు ఇచ్చి నీడకు కూర్చున్నారు. వాళ్ల కాగితంలో ‘శుభ్రం చేయించుకోవాలి’ అని ఉంది మరి.

ఇంగ్లిష్‌లో ఆ మాట రావాలంటే ఒక్క పదం జరిపితే చాలు: ‘షల్ హ్యావ్ ది డ్రెయిన్స్ క్లీన్డ్’. డ్రెయిన్స్ అన్న పదం హ్యావ్‌కూ క్లీన్డ్‌కూ మధ్యలోకి వస్తే చేయించడం, చివరికి పోతే చేయడం. ఇదే సంగతి ఒక పాఠకుడు మీ శుక్రవారం ఇంగ్లిష్ శీర్షికకు రాసి అడిగితే, ‘ఆబ్జెక్ట్ ఎక్కడ పెట్టినా అర్థం ఒకటే’ అని ఒక్క వాక్యంతో తేల్చేశారు. ముప్పై రెండేళ్లు బడిలో ఇంగ్లిష్ చెప్పినవాణ్ణి. బీపీ మాత్ర వేసుకుని మరీ రాస్తున్నాను.

నా పాత స్కూటర్‌నే తీసుకోండి. ‘ఐ హ్యావ్ రిపేర్డ్ మై స్కూటర్’ అంటే మసి నా చేతులకే అంటింది. ‘ఐ హ్యాడ్ మై స్కూటర్ రిపేర్డ్’ అంటే మసి చౌరస్తా దగ్గరి మెకానిక్‌కు అంటింది, నాకు అంటింది బిల్లు. మొదటిదానిలో హ్యావ్ ఉత్త సహాయక క్రియ, కాలం చెప్పి తప్పుకుంటుంది. రెండోదానిలో అదే అసలు క్రియ, ‘ఏర్పాటు చేశాను’ అనే అర్థం మోస్తుంది. అనుమానముంటే ప్రశ్నగా మార్చి చూడండి. మొదటిది ‘హ్యావ్ యూ రిపేర్డ్ యువర్ స్కూటర్?’ అవుతుంది, హ్యావ్ తానే ముందుకు దూకుతుంది. రెండోది అలా దూకదు, డిడ్ కావాల్సిందే: ‘డిడ్ యూ హ్యావ్ యువర్ స్కూటర్ రిపేర్డ్?’ రెండూ ఒకటే అయితే ప్రశ్నలు వేరువేరుగా ఎందుకు పుడుతున్నాయో మీ శీర్షికాకారులే చెప్పాలి. ఇక రిపేరు ఇప్పుడే చేయించాననాలంటే రెండు హ్యావ్‌లూ ఒకే వాక్యంలో కలుస్తాయి: ‘ఐ హ్యావ్ హ్యాడ్ మై స్కూటర్ రిపేర్డ్’. దయచేసి మీ ప్రూఫ్ రీడర్ అందులో ఒకటి ఎక్కువైందని కొట్టేయకూడదు.

మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు దీని తోబుట్టువే. కోచింగ్ పిల్లలు నా దగ్గరికి వస్తే పదిమందిలో ఏడుగురు ‘ఐ గాట్ రిపేర్డ్ మై బైక్’ అంటారు. అడిగితే ‘గట్లనే అంటరు గద సార్’ అంటారు. తప్పు వాళ్లది కాదు, మన భాష ఇచ్చిన సౌకర్యానిది. తెలుగులో చేయించడం ఒక్క ముక్క. చేయు పక్కన ఇంచు తగిలిస్తే పని అయిపోయింది. కట్టించు, కుట్టించు, రాయించు అన్నీ అంతే, మధ్యలో ఇంకో మాట దూరే సందే లేదు. అందుకే గాట్ రిపేర్డ్ కూడా ‘రిపేరు చేయించాను’ లాగా ఒకే అతుకుడు ముక్క అనుకుని బైక్‌ను తెచ్చి చివర పడేస్తారు. ఇంగ్లిష్‌లో ఆ ముక్క విడిపోతుంది, బైక్ మధ్యలో కూర్చుంటుంది: ‘ఐ గాట్ మై బైక్ రిపేర్డ్’. చివరి మాట వి-త్రీ, అంటే క్రియ మూడో రూపం, అయి ఉండాలి. రిపేర్, క్లీన్ లాంటి వాటిలో వి-టూ, వి-త్రీ ఒకేలా ఉంటాయి కాబట్టి తప్పు బయటపడదు. లెటర్ రాయించానని చెప్పమనండి, ‘హ్యాడ్ ది లెటర్ రోట్’ అనేవాళ్లు దొరికిపోతారు. రిటన్ కావాలి అక్కడ.

చేయించినది ఎవరి చేత అన్నది చెప్పాలంటే మనకు ‘చేత’, ‘తో’ ఉన్నాయి. ఆ ‘తో’ను పిల్లలు విత్ చేసి ‘విత్ మెకానిక్’ అంటారు. కావాల్సింది ‘బై ఎ మెకానిక్’, అదీ చెప్పాల్సిన అవసరం ఉంటేనే. బండిని మెకానిక్ కాక మంగలి బాగుచేస్తాడా? లేదా మనిషినే ముందు పెట్టాలి. అక్కడ హ్యావ్, గెట్ దారులు విడిపోతాయి. హ్యావ్ తర్వాత మనిషి, ఆపైన ఉత్త వి-వన్: ‘ఐ హ్యాడ్ ది మెకానిక్ చెక్ ది బ్రేక్స్’. గెట్ అయితే మధ్యలో టు రావాలి: ‘ఐ గాట్ ది మెకానిక్ టు చెక్ ది బ్రేక్స్’. తేడా టు ఒక్కటే కాదు. హ్యావ్ అంటే చెప్పాను, చేశాడు. అధికారమో, జీతమో, డబ్బిచ్చే హక్కో ఉన్నవాడి మాట అది. గెట్ అంటే అడిగాను, బతిమాలాను, ఎలాగో ఒప్పించాను. వస్తువును మధ్యలో పెట్టినప్పుడు ఈ తేడా చాలావరకు కరిగిపోతుంది. ‘హ్యాడ్ ఇట్ రిపేర్డ్’, ‘గాట్ ఇట్ రిపేర్డ్’ దాదాపు ఒకటే, రెండోది కాస్త మాటల్లో వాడేది. మనిషిని పెట్టినప్పుడు మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మా మోరీ పూడిక సంగతే చూడండి. తీసిన మట్టి రోడ్డు మీదే కుప్పలుగా ఉంది. దాన్ని ఎత్తడానికి ట్రాక్టర్ కోసం ఆఫీసుకు నాలుగుసార్లు వెళ్లాం. మొదటిసారి ‘సార్ లేరు’, రెండోసారి ‘సార్ మీటింగ్‌లో ఉన్నరు’, మూడోసారి ‘దరఖాస్తు ఇంకో సెక్షన్‌లో ఇయ్యాలె’, నాలుగోసారి డ్రైవర్ లేడు. చివరికి ట్రాక్టర్ వచ్చింది. దీన్ని ‘వి గాట్ దెమ్ టు సెండ్ ఎ ట్రాక్టర్’ అనాలి. ‘వి హ్యాడ్ దెమ్ సెండ్’ అంటే మేమేదో ఫోన్‌లో ఆజ్ఞ ఇచ్చినట్టుంటుంది. కాలనీవాళ్లకు హ్యావ్ ఎక్కడిది సార్, మా బతుకంతా గెట్టే. హ్యావ్ వాళ్లది.

కొందరు చేయించడమంటే మేక్ అనుకుని ‘ఐ మేడ్ ది మెకానిక్ టు రిపేర్’ అంటారు. మేక్ తర్వాత టు రాదు, అది ఒక తప్పు. మేక్ అంటే ఇష్టం లేకపోయినా మెడలు వంచి చేయించడం, దాన్ని ఇక్కడ వాడడం అంతకంటే పెద్ద తప్పు. డబ్బు తీసుకుని పనిచేసేవాడి మెడ మీరెందుకు వంచారు? అయితే నవ్వించు, ఏడిపించు దగ్గర మళ్లీ మేకే సరైనది. నవ్వు ఏర్పాటు చేసేది కాదు కదా. తినిపించు, చూపించులకైతే ఇంగ్లిష్‌లో విడి మాటలే ఉన్నాయి, ఫీడ్, షో అని. ఇంచు కనబడ్డ ప్రతిచోటా హ్యావ్ దించితే కుదరదు.

మీ శీర్షికలో ఇంకో వాక్యం కూడా ఉంది. ‘హ్యావ్, ఆబ్జెక్ట్, వి-త్రీ వస్తే ఎప్పుడూ చేయించడమే’ అని. ఎప్పుడూనా? 2023 జూలై వానలు ఈ ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. ‘వి హ్యాడ్ అవర్ హౌసెస్ ఫ్లడెడ్’ అని ఆ నెల అనుభవం చెబితే, మీ లెక్కన మేమే కూలీలను పెట్టి ఇళ్లలోకి నీళ్లు వదిలించుకున్నామా? ‘ఐ హ్యాడ్ మై ఫోన్ స్టోలెన్’ అన్నవాడు దొంగకు కాంట్రాక్ట్ ఇచ్చాడా? వాక్యం రూపం అదే, కానీ ఇక్కడ హ్యావ్ అంటే తనకు జరిగిన నష్టం. చేయించినదా, జరిగినదా అన్నది రూపం చెప్పదు. ఆ పని కావాలని ఎవరైనా కోరుకుంటారా అని చూసుకుంటే తెలిసిపోతుంది.

ఎదుటివైపు వాదన కూడా నేనే చెబుతాను, లేకపోతే మీరు దాన్నే పట్టుకుంటారు. రామప్ప గుడిని 1213లో కట్టించింది కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. గుడికి నిలిచిన పేరు మాత్రం కట్టినవాడిదని చెప్పుకునే శిల్పి రామప్పది. తెలుగులో రుద్రుడు కట్టించాడు, రామప్ప కట్టాడు. ఇంగ్లిష్‌లో ‘రుద్ర హ్యాడ్ ది టెంపుల్ బిల్ట్’ అనవచ్చు, ‘రుద్ర బిల్ట్ ది టెంపుల్’ అన్నా తప్పు కాదు. రాజులూ సేనానులూ ఇటుక మోయరని అందరికీ తెలుసు కాబట్టి బిల్డ్‌తో ఆ వెసులుబాటు ఉంది. స్కూటర్‌కు లేదు. మోరీకి అసలే లేదు. అక్కడ ఇంటాయనే పార పట్టుకునే అవకాశం నిజంగా ఉంది, పట్టుకున్నాడు కూడా.

అసలు జబ్బు ఇంకోటి. పరీక్షలన్నీ బిట్లయ్యాక వాక్యం రాసేవాడూ లేడు, దిద్దేవాడూ లేడు. నాలుగు ఆప్షన్లలో ఒకటి టిక్కు పెట్టి నెగ్గినవాళ్లే రేపు నోటీసులు రాస్తారు. ఇంగ్లిష్ రానప్పుడు తెలుగులోనే పైన రాయొచ్చు, అదీ చేయరు. ఇంగ్లిష్ పైన ఉంటేనే గవర్నమెంటు కాగితంలా కనిపిస్తుంది కాబోలు. పోస్టర్లు అంటించేవాళ్ల సంగతి రాస్తే ఈ ఉత్తరం ఇంకో రెండు పేజీలవుతుంది.

మా ఎదురింటాయన నిన్న లేచి కూర్చున్నాడు. మీ శీర్షిక చదివి వినిపిస్తే, ‘అర్థం ఒకటేనట, మరి నా నడుం ఎందుకు పోయింది?’ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. వచ్చే శుక్రవారం సవరణ వేయండి. మీరే వేస్తారో, ఆ శీర్షిక రాసినాయనతో వేయిస్తారో మీ ఇష్టం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇంగ్లిష్ టీచర్,
హన్మకొండ