విషయం: చిమ్నీ బిల్లులో ఇటుక కట్టుబడి కొలత ఎక్కువగా వేసిన సంగతి

బిల్లింగ్ విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. మా ఫ్యాక్టరీ బాయిలర్‌కి మీ సంస్థ కట్టిన గుండ్రటి చిమ్నీ ఫైనల్ బిల్లు అందింది. పని గురించి నాకు పేచీ లేదు. మేస్త్రీలు వరసలు చక్కగా లెవెల్‌లో పెట్టారు, సందులు కూడా శుభ్రంగా పూశారు. పేచీ అంతా ఇటుక కట్టుబడి కింద మీరు వేసిన 54.29 క్యూబిక్ మీటర్ల దగ్గరే. ఫోన్ చేసి అడిగితే మీ ఇంజనీర్ గారు ఇంకో పద్ధతిలో లెక్క కట్టి, 51.27కి తగ్గిస్తామని మెసేజ్ పెట్టారు. అదీ సరైన అంకె కాదు. ఒకే చిమ్నీకి వారం తిరక్కుండా రెండు అంకెలు రావడం చూశాక ఇక ఫోన్లతో పని కాదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా, మనిద్దరికీ తేడా లేని కొలతలు చెప్తాను. పునాది, దిమ్మె వేరే ఐటమ్‌లు, వాటి జోలికి నేను పోవడం లేదు. దిమ్మె మీద నుంచి చిమ్నీ ఎత్తు 24 మీటర్లు. బయటి వ్యాసం అడుగున 3.00 మీటర్లు, కొసన 1.80 మీటర్లు. అంటే పైకి పోయే ప్రతి మీటరుకీ వ్యాసం 5 సెంటీమీటర్ల చొప్పున తగ్గుతుంది. అడుగున టేపు చుట్టి చూస్తే చుట్టుకొలత 9.42 మీటర్లు వచ్చింది, దాన్ని π తో భాగిస్తే సరిగ్గా 3.00. గోడ మందం అడుగున 40 సెంటీమీటర్లు, కొసన 20. ఇవన్నీ మీ మెజర్‌మెంట్ బుక్‌లోనూ ఇలాగే ఉన్నాయి. వాటితో చేసిన లెక్కలోనే తప్పు దొర్లింది.

బుక్‌లో వేసిన లెక్క ఇదీ: సగటు బయటి వ్యాసం 2.40, సగటు మందం 0.30, ఎత్తు 24. ఈ మూడింటినీ π తో కలిపి గుణిస్తే 54.29. చూడ్డానికి సాఫీగానే ఉంది కానీ ఇందులో రెండు తప్పులున్నాయి.

మొదటిది, గోడ పొడవుని బయటి చుట్టుకొలతతో కొలవడం. తిన్నని గోడకి ఏ వైపు కొలిచినా పొడవు ఒకటే. గుండ్రటి గోడకి అలా కాదు. అడుగు వరసనే చూడండి. బయటి చుట్టు 9.42 మీటర్లు. లోపలి వ్యాసం 2.20 కాబట్టి లోపలి చుట్టు 6.91 మాత్రమే. మీరు 9.42ని 0.40తో గుణిస్తే 3.77 చదరపు మీటర్లు వస్తుంది. పెద్ద వృత్తం వైశాల్యంలోంచి చిన్న వృత్తం వైశాల్యం తీసేసి చూడండి: 7.07 లోంచి 3.80 పోతే 3.27. అంటే అడుగు దగ్గర ఎత్తులో ప్రతి మీటరుకీ అర క్యూబిక్ మీటరు లేని ఇటుకకి బిల్లు పడుతోంది. గోడ పొడవు తీసుకోవాల్సింది మందం నడిమధ్య గీత మీద. ఆ గీత వ్యాసం ఎప్పుడూ బయటి వ్యాసంలోంచి ఒక మందం తీసేసినంత. ఇక్కడ 3.00 లోంచి 0.40 పోతే 2.60, దాని చుట్టుకొలత 8.17, దాన్ని 0.40తో గుణిస్తే మళ్లీ అదే 3.27.

మందం మారని భాగానికి సూత్రం ఇంత చిన్నది:

```
V = π × t × h × (D − t)
```

ఇందులో D అంటే ఆ భాగం అడుగు, కొస బయటి వ్యాసాల సగటు, t గోడ మందం, h నిలువు ఎత్తు. ఇదేదో ఉజ్జాయింపు అనుకోకండి. మందం మారనప్పుడు గోడ అడ్డుకోత వైశాల్యం వ్యాసంతో పాటు సమంగా తగ్గుతూ పోతుంది కాబట్టి సగటు తీసుకున్నా ఖచ్చితమైన జవాబే వస్తుంది. నమ్మకం కలగకపోతే బయటి శంకుఖండం ఘనపరిమాణం లోంచి లోపలి శంకుఖండాన్ని తీసేసి చూడండి. అడుగు 8 మీటర్లకి నేను అలా చేశాను. π ని పక్కన పెడితే బయటిది 15.707, లోపలిది 8.027, తేడా 7.68. సూత్రంతోనూ 0.40 × 8 × 2.40 అంటే 7.68 వచ్చింది.

రెండో తప్పు మందాన్ని కూడా సగటు చేయడం. మన చిమ్నీ గోడ నున్నగా పలచబడుతూ పోలేదు. ఇటుకతో అలా కట్టడం కుదరదు కూడా. డ్రాయింగ్ ప్రకారం అడుగు 8 మీటర్లు రెండు ఇటుకల మందం, మధ్య 8 మీటర్లు ఒకటిన్నర, పై 8 మీటర్లు ఒక ఇటుక. సందులతో కలిపి 40, 30, 20 సెంటీమీటర్లు. బయటి ముఖం ఏకవాలుగా పోతుంది, మందం మారేచోట లోపలి వైపు 10 సెంటీమీటర్ల మెట్టు వస్తుంది. 8 మీటర్ల దగ్గర మెట్టుకి కింద లోపలి వ్యాసం 1.80, మెట్టు దాటగానే 2.00. ఈ మెట్టు పైకి చూస్తూ ఉంటుంది కాబట్టి అడుగు తలుపులోంచి టార్చి వేసి చూస్తే కనిపించదు. పరంజి ఉండగానే కొసనుంచి కిందికి తీసిన ఫోటో నా దగ్గరుంది. అందులో రెండు మెట్లూ ఒకదాని కింద ఒకటి కడియాల్లా స్పష్టంగా ఉన్నాయి. కొలతలు తీసుకున్నాయన అడుగునా కొసనా మందం చూసి, మధ్య సంగతి సగటుకి వదిలేశారని నా అనుమానం.

ఇప్పుడు మూడు భాగాలూ విడివిడిగా వేస్తాను. బయటి వ్యాసం 8 మీటర్ల దగ్గర 2.60, 16 మీటర్ల దగ్గర 2.20. కింది భాగానికి సగటు వ్యాసం 2.80, మందం తీసేస్తే 2.40. మధ్య భాగానికి సగటు 2.40, మందం పోగా 2.10. పై భాగానికి 2.00, మందం పోగా 1.80.

```
π × 0.40 × 8 × 2.40 = 24.13
π × 0.30 × 8 × 2.10 = 15.83
π × 0.20 × 8 × 1.80 =  9.05
మొత్తం                49.01
```

సగం ఇటుక కింది మూడో వంతులోనే ఉందని గమనించండి. మందం ఎక్కువున్న చోటే చుట్టూ పెద్దది. రెండిటినీ వేర్వేరుగా సగటు చేస్తే ఈ సంగతి మరుగున పడిపోతుంది. అందుకే మొదటి తప్పు ఒక్కటే దిద్ది, రెండోది అలాగే ఉంచితే 47.50 వస్తుంది. అది నాకు లాభమే, కానీ అది చిమ్నీలో ఉన్న ఇటుక కాదు. నేను అడుగుతున్నది తక్కువ అంకె కాదు, సరైన అంకె.

ఇక మీ ఇంజనీర్ గారి 51.27 విషయం. ఆయన అడుగు వైశాల్యం 3.27, కొస వైశాల్యం 1.01 తీసుకుని, రెండిటి సగటుని 24తో గుణించారు. బయటి చుట్టు తప్పు ఇందులో లేదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అడుగు నుంచి కొసకి వ్యాసమూ తగ్గి, మందమూ తగ్గినప్పుడు వైశాల్యం రెండు రకాలుగా తగ్గుతుంది. నడిమధ్య, అంటే 12 మీటర్ల దగ్గర వ్యాసం 2.40, మందం 0.30, అడ్డుకోత వైశాల్యం 1.98. అడుగు, కొసల సగటు మాత్రం 2.14. మధ్యలో గోడ ఈ సగటు కంటే సన్నగా ఉందని ఈ ఒక్క అంకె చాలు తేల్చడానికి. రెండు చివరల సగటు పద్ధతి వాడాలంటే మందం మారని ఒక్కొక్క భాగానికి విడిగా వాడండి, నా 49.01 మీకూ వస్తుంది.

ఓపెనింగుల కొలతని మీ రెండు లెక్కల్లోనూ ఎక్కడా తీసేయలేదు. పొగ వచ్చే దారి 0.90 మీటర్ల వెడల్పు, 1.00 మీటరు ఎత్తు. మసి తీసే తలుపు 0.50 × 0.50. రెండూ 0.40 మందం గోడలోనే ఉన్నాయి కాబట్టి 0.36, 0.10 కలిపి 0.46 క్యూబిక్ మీటర్లు పోవాలి. వంపు గోడలో కన్నం లోతు చివర్లలో కాస్త మారుతుందని ఎవరైనా అంటే, నిజమే, కానీ ఆ తేడా కోసం కాగితం ఖర్చు చేయనక్కర్లేదు. వాలు పొడవు తీసుకోవాలా, నిలువు ఎత్తు తీసుకోవాలా అన్నదీ అంతే. 24 మీటర్ల మీద రెండిటికీ తేడా 8 మిల్లీమీటర్లు కూడా లేదు. అలాంటివాటి మీద నేను గొడవ పడను.

ఫోన్లో ఇంకో మాట కూడా అన్నారు. గుండ్రటి పనిలో ఇటుకలు కొట్టాల్సి వస్తుంది, వేస్టేజీ ఎక్కువ, అందుకని కొలత కాస్త ఎక్కువ వేయడం మామూలే అని. వేస్టేజీ కాదని నేను అనను. కానీ అది రేటులో ఉండాల్సినది, కొలతలో కాదు. మన ఒప్పందంలో గుండ్రటి కట్టుబడికి తిన్నని గోడ కంటే ఎక్కువ రేటు ఇందుకే పెట్టుకున్నాం. రేటులో ఒకసారి, కొలతలో ఇంకోసారి తీసుకుంటే ఒకే వేస్టేజీకి రెండుసార్లు డబ్బు కట్టినట్టవుతుంది.

ఓపెనింగులు పోగా నికర కొలత 48.55. మొదటి బిల్లుకీ దీనికీ తేడా 5.74 క్యూబిక్ మీటర్లు. మనం వాడిన 19 × 9 × 9 సెంటీమీటర్ల ఇటుక, మాలుతో కలిపి క్యూబిక్ మీటరుకి 500 పడుతుంది. అంటే సుమారు 2,870 ఇటుకలు కాగితం మీద మాత్రమే ఉన్నాయి. మీ సైట్ రిజిస్టర్‌లో వచ్చిన ఇటుక, మిగిలిన ఇటుక, పగిలినవి రాసే ఉంటారు. అది తెరిచి సరిచూసుకుంటే ఏ అంకె దగ్గరగా ఉందో మీకే తెలుస్తుంది.

కాబట్టి ఇటుక కట్టుబడిని 48.55 క్యూబిక్ మీటర్లుగా, మూడు భాగాల లెక్క విడివిడిగా చూపిస్తూ సవరించిన బిల్లు పంపండి. పూత పనిని కూడా ఇదే సగటు వ్యాసంతో లెక్కించారు. బయటి ముఖానికి సగటు బయటి వ్యాసం వాడడం సరైనదే, దాన్ని మార్చకండి. మెట్ల ఎత్తుల మీద అనుమానం ఉంటే చిమ్నీ కొస నుంచి టేపు వదిలి ఇద్దరం కలిసి కొలుద్దాం. బాయిలర్ వెలిగించాక అది కుదరదు కాబట్టి ఈ నెలాఖరులోపే మీ మనిషిని పంపాలి. సవరించిన బిల్లు చేతికందేవరకు ఈ ఒక్క ఐటమ్ చెల్లింపు ఆపుతున్నాను. మిగతా ఐటమ్‌ల డబ్బు మామూలుగానే విడుదల చేస్తున్నాను.

డ్రాయింగ్ కాపీ, ఫోటో, నా లెక్కల కాగితం జతచేశాను.

ఇట్లు,
ఫ్యాక్టరీ యజమాని