పళ్లు తోముకుంటాం, పళ్లు కొనుక్కుంటాం: నానార్థాల పట్టికలో చిక్కు

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యార్థుల పేజీలో పదో తరగతి పరీక్షల కోసం ఇచ్చిన నానార్థాల పట్టికలో "పన్ను: దంతం, శిస్తు" అనీ, "పండు: ఫలం, పక్వమగు, నిద్రించు" అనీ ఉంది. అర్థాల్లో తప్పేమీ లేదు. చిక్కల్లా రెండు వేరు సంగతులను ఒకే గంపలో వేయడంతోనే వచ్చింది. ఒక మాట తన అర్థం నుంచి ఇంకో అర్థానికి పాకితే అది అనేకార్థకత. ఏ చుట్టరికమూ లేని రెండు మాటలు పలుకుబడిలో ఒకటైపోతే అది సమరూపత. పాఠ్యపుస్తకాలూ గైడ్లూ రెండింటినీ నానార్థాలనే అంటున్నాయి కాబట్టి తప్పు మీ పేజీది మాత్రమే కాదు.

సమరూపతను పట్టడానికి మొదట చూడాల్సింది ఏకవచన, బహువచనాలు. "పళ్లు" అన్న మాటనే తీసుకోండి. తోముకునే పళ్లలో ఒకటి పన్ను, బజారులో కొనే పళ్లలో ఒకటి పండు. బహువచనంలో కలిసిపోయిన మాటలు ఏకవచనంలో విడిపోయాయి. "పన్ను" సంగతి దీనికి తలకిందులు. నోట్లోది పళ్లు అవుతుంది, ప్రభుత్వానికి కట్టేది పన్నులు అవుతుంది. పంచాయతీకి ఇంటిపళ్లు కట్టామని ఎవరూ అనరు.

రెండో పని పొరుగు భాషల్ని అడగడం. కన్నడంలో దంతం హల్లు, ఫలం హణ్ణు. తమిళంలో దంతం పల్, ఫలం పళం (ఆ చివరి ళకారం మనకు లేని ధ్వని). అక్కడ ఎప్పటినుంచో విడిగా ఉన్నవి తెలుగులో ఒకచోట తగులుకున్నాయి. తెలంగాణలో పిల్లాడు "పండుకున్నాడు" అన్నప్పటి పండు కూడా ఇలాంటిదే. దాని చుట్టం పడుకొను, తమిళంలో శయనించడానికి వాడే పడు. మామిడిపండుకూ దానికీ పొత్తు లేదు.

చాలామంది వాడే మూడో పరీక్ష ఒకే వాక్యంలో రెండర్థాలూ కలిపి చూడటం. "పళ్లు కొన్ని తిన్నాడు, కొన్ని కట్టించుకున్నాడు" అంటే నవ్వొస్తుంది, శ్లేష అవుతుంది. సరే, సమరూపత. కానీ "ఈ ఏడు పంటా తలా కలిసి పండాయి" అన్నా నవ్వొస్తుంది, అక్కడున్నది మాత్రం ఒకే పండు. కాబట్టి ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకుంటే మోసపోతాం. అర్థాలు బాగా దూరం జరిగితే ఒకే మాట కూడా శ్లేషలా వినిపిస్తుంది.

నిద్ర పోయే పండును పక్కన పెట్టాక మిగిలిన క్రియ ఎంత దూరం పాకిందో చూడండి. కాయ పండుతుంది. పైరు పండుతుంది. ఆకు పండుతుంది. గోరింటాకు పండుతుంది. తల పండుతుంది. నోము పండుతుంది, కడుపు పండుతుంది. సినిమాలో హాస్యం పండుతుంది, ఒక్కోసారి పండదు.

మనస్తత్వ శాస్త్రవేత్త ఎలినార్ రాష్ 1970లలో చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన మూలనమూనా పద్ధతి దీన్ని ఇలా చూస్తుంది. ఒక వర్గంలో సభ్యులందరూ సమానం కాదు, నడిమధ్యన ఒక మేలైన నమూనా ఉంటుంది, తక్కినవి దానికి దగ్గరగానో దూరంగానో నిలుస్తాయి. పండుకు ఆ నమూనా చెట్టున కాయ పండడం. అందులో నాలుగు సంగతులున్నాయి: కొంత కాలం గడవడం, రంగు మారడం, మెత్తబడడం, చివరికి ఫలంగా చేతికి రావడం. ప్రతి కొత్త అర్థమూ వీటిలో కొన్నిటినే తీసుకుంటుంది. గోరింటాకు కాలాన్నీ రంగునీ తీసుకుంది. తల కూడా కాలాన్నీ రంగునీ తీసుకుని, నెరిసిన జుట్టు మీదుగా "తలపండిన లాయరు" దగ్గర అనుభవజ్ఞానానికి చేరింది. ఆ ఆఖరి అడుగు పోలిక వల్ల పడింది కాదు, జుట్టూ వయసూ కలిసి ఉండటం వల్ల పడింది. నోము రంగును పూర్తిగా వదిలేసి ఫలాన్ని మాత్రం పట్టుకుంది. గోరింటాకుకూ నోముకూ నేరుగా పోలిక దొరకదు. రెండూ కాయ దగ్గర కలుస్తాయి, అంతే.

ఈ పద్ధతి లోపం కూడా ఇక్కడే ఉంది. రంగూ కాలమూ చాలనుకుంటే కొలిమిలో ఎర్రబడ్డ ఇనుము ఎందుకు పండలేదు? అది కాలింది అంటాం. జరిగిన వ్యాప్తిని మూలనమూనా చక్కగా వివరిస్తుంది కానీ, జరగనిదాన్ని ఆపే అడ్డుగోడ దానికి లేదు.

భాషాశాస్త్రవేత్త చార్లెస్ ఫిల్‌మోర్ చట్రాల పద్ధతి ఇంకోవైపు నుంచి వస్తుంది. కొనడం అన్న మాట తెలియాలంటే అమ్మేవాడు, సరుకు, డబ్బు ఉన్న బేరమంతా తెలియాలి. అలాగే పైరు పండడం వెనక సేద్యం అనే చట్రం ఉంది: రైతు, నేల, విత్తనం, శ్రమ, ఎదురుచూపు, పంట. నోము పండినప్పుడు ఒక్క మాట కాదు, చట్రమే కదిలి వచ్చింది. నోచిన మనిషి రైతు, నోము పైరు, కోరిక తీరడం పంట. రుజువేమిటంటే ఆ చట్రంలోని తక్కిన మాటలూ వెంట వచ్చాయి. బిడ్డను "నా నోములపంట" అంటారు, "కడుపుపంట" అంటారు, పూజ ఫలించిందంటారు. గోరింటాకు వెంట విత్తనమూ రాలేదు, పంటా రాలేదు. అంటే దాని దారి వేరు, రంగుదారి.

ఇక్కడ ప్రేరణార్థక రూపం ఒక మంచి పనిముట్టు. రైతు వరి పండిస్తాడు, నటుడు హాస్యం పండిస్తాడు, "నా నోము పండించావురా" అంటుంది తల్లి. కానీ "అనుభవం ఆయన తల పండించింది" అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. రైతు స్థానం ఉన్నచోట పండించు ఇముడుతుంది, లేనిచోట బెసుకుతుంది. ఒక జాగ్రత్త: పెళ్లిలో చేతులు పండించుకుంటారు, అక్కడ సేద్యం లేదు, పెట్టుకునే మనిషి ఉన్నారంతే. కాబట్టి ఈ పరీక్షను వెంట వచ్చిన మాటలతో కలిపి చూడాలి. నా మటుకు రెండు పద్ధతుల్లో ఒకదాన్ని ఎంచుకోవాలన్న వాదం అక్కరలేనిది. గోరింటాకుకు మొదటిది, నోముకు రెండోది బాగా పనిచేస్తాయి.

ఎటూ తేలని మాటలూ ఉన్నాయి. నెల అంటే పూర్వం చంద్రుడు, ఆ తర్వాత చంద్రుడి చుట్టుతో లెక్కించే కాలం. చరిత్ర ప్రకారం ఒకే మాట. కానీ చంద్రుడి అర్థం ఇప్పుడు నెలవంక లాంటి సమాసాల్లోనే మిగిలింది. జీతం నెలకూ నెలవంకకూ సంబంధం తట్టని పిల్లలకు అవి రెండు మాటలే. చరిత్ర ఒకటి చెప్పి, నేటి వాడుక ఇంకొకటి చెప్పినప్పుడు దేన్ని పాటించారో పట్టిక కూర్చినవారు ముందే చెప్పాలి.

వచ్చేసారి పట్టిక వేసేటప్పుడు సమరూపాలకు పండు-1, పండు-2 అని విడి పద్దులివ్వండి. పండు-1 కింద కాయను మొదట పెట్టి, ఆకు, గోరింటాకు, తల ఒక వరసలో, పైరు, నోము, కడుపు, హాస్యం ఇంకో వరసలో చూపండి. పండు-2 కింద పండుకొను ఒక్కటే ఉంటుంది, తెలంగాణ వాడుక అన్న గుర్తుతో. పన్ను-1కి బహువచనం పళ్లు, పన్ను-2కి పన్నులు అని పక్కనే రాస్తే చాలు, వివరణ అక్కర్లేదు. దువ్వెన పళ్లూ రంపం పళ్లూ పన్ను-1 కిందికే వస్తాయి.

ఇట్లు,
భాషాశాస్త్రం బోధించే ఒక పాఠకుడు,
వరంగల్