తలుపు వెడల్పు పనికి ఇన్ని రోజులెందుకు: మా కస్టమర్లకు ఒక మాట

"అన్నా, మూడడుగుల వాకిలిని ఆరడుగులు చేయడానికి ఇన్ని రోజులా? రెండు రోజుల్లో గోడ కొట్టేసి పైన గర్డర్లు వేస్తే అయిపోతుంది కదా. మా పని ఎప్పుడు మొదలుపెడతారు?"

వచ్చే వారం చివరి దాకా మీ పని మొదలుపెట్టలేను. మా జాకీలన్నీ ఎర్రముక్కపల్లిలో ఒక పాత ఇంటి కింద నిలబడి ఉన్నాయి. వాటిని ఇప్పుడు పీకి తెస్తే మీ పని మొదలవుతుంది గానీ, ఆ ఇల్లు ఏమవుతుందో చెప్పలేను.

ఆ ఇంటికి పిల్లర్లు లేవు. రెండు గదుల మధ్యనున్న 9 అంగుళాల ఇటుక గోడ మీదే రెండు వైపుల స్లాబూ కూర్చుంది. ఒక్కో గది 12 అడుగుల వెడల్పు కాబట్టి ఇటు 6 అడుగుల స్లాబ్, అటు 6 అడుగుల స్లాబ్ ఈ గోడే మోస్తోంది. వాకిలిని 6 అడుగులకు తెరిస్తే ఆ మేర స్లాబు, దాని కింది గోడ కలిపి దాదాపు నాలుగున్నర టన్నులు. పైన ఇటుకలు కమానులా సర్దుకుంటాయిలే అని కొందరు బేల్దారులు ధైర్యం చెబుతారు. పైన గోడ ఎత్తుగా ఉంటే కొంతవరకు నిజమే. ఇక్కడ లింటెల్ మీద 3 అడుగులకే స్లాబ్ తగులుతోంది, ఆ బరువు నేరుగా లింటెల్ మీదికే వస్తుంది.

అందుకే ముందు రెండు గదుల్లో స్లాబ్ కింద జాకీలు పెట్టాం. తర్వాత కొత్త లింటెల్ వచ్చే చోటుకు కాస్త పైన గోడకు రంధ్రాలు చేసి, ఇనుప దూలాలను ఇటునుంచి అటు దూర్చాం. వీటినే ఇంజనీర్లు నీడిల్స్ అంటారు. రెండున్నర అడుగులకు ఒకటి చొప్పున మూడు పెట్టాం, ఒక్కోదానికి గోడకు ఇటొక జాకీ, అటొక జాకీ. రంధ్రాలన్నీ ఒకేసారి కొట్టకూడదు. ఒకటి కొట్టి, దూలం దూర్చి, పైన సందులో గట్టి మాలు కూరి, జాకీ బిగించాకే రెండోది. బిగింపు కూడా దూలం బరువు అందుకునేంత వరకే. అత్యుత్సాహంతో ఇంకో రెండు చుట్లు తిప్పితే గోడ పైకి లేచి, లేని పగులు వస్తుంది.

జాకీ కింద ఏముందో కూడా చూడాలి. మన కడప ఇళ్లలో నేలంతా బండలే, వాటి కింద వదులు మట్టి. బండ మీద నేరుగా జాకీ నిలబెడితే అది పగిలి కూరుకుపోతుంది. సుత్తితో తట్టి డొల్ల శబ్దం వచ్చిన బండలు తీసేసి, కింది మట్టి గట్టి చేసి, మందపాటి పలకలు పరిచాం.

లింటెల్‌గా 6 అంగుళాల ఐ బీములు రెండు జోడించాం. కాంక్రీటు లింటెల్ అయితే 300 కిలోలు ఉంటుంది, ఇంట్లో ఎత్తడం కష్టం. ఇనుపవి విడివిడిగా ఇద్దరు మోసేస్తారు. అసలు టెన్షన్ అంతా చివరల దగ్గరే. రెండు వైపులా రెండు టన్నుల పైచిలుకు బరువు దిగుతుంది. బీము గోడ మీద 4 అంగుళాలే ఆనితే పాత ఇటుక నలిగిపోతుంది. అందుకే 9 అంగుళాలు ఆనేలా బీమును ఏడున్నర అడుగులు కోయించాం. దాని కింద ఒకటిన్నర అడుగు పొడవున్న కాంక్రీటు దిమ్మెలు పెట్టాం. వాటి కింద సిమెంటు మాలు గట్టిపడాలి, అందుకు కొన్ని రోజులు.

బీములు కూర్చున్నాక వాటికీ పై ఇటుకకూ మధ్య అంగుళం సందు మిగులుతుంది. నీళ్లు చాలా తక్కువ కలిపిన, పిడికిట్లో ముద్దయ్యే మాలును చెక్కతో కొట్టి కూరాలి. జారుడు మాలు పోస్తే ఆరాక కుంచించుకుని, బీము బరువు తీసుకోకముందే పై గోడ దిగుతుంది. అది ఒక వారం గట్టిపడ్డాకే జాకీలు వదులు చేస్తాం, అదీ కొంచెం కొంచెంగా. పాత పగుళ్ల మీద తేదీ రాసి ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పట్టీలు వేశాం. పట్టీ చిట్లినా, వాకిలి మూలల నుంచి ఏటవాలు గీత కనిపించినా అక్కడే ఆగి జాకీ మళ్లీ బిగిస్తాం. కింది గోడ కొట్టేది ఆ తర్వాతే. కొట్టడం ఒక్క పూట పని, మీరు రెండు రోజులన్నది బహుశా దీన్ని చూసే.

ఇకనుంచి జాకీల బాడుగ బిల్లులో విడిగా రాస్తాను, ఎన్ని రోజులుంటే అంత. వాకిలి పక్కన గోడ మూల దాకా రెండడుగులు కూడా మిగలని ఇళ్లకు ఈ పద్ధతి చేయను. అక్కడ పిల్లర్ కావాలా అని ముందు ఇంజనీరు వచ్చి చూడాలి. మీ పని ఆ కోవలోదో కాదో చెప్పాలంటే, వాకిలికి రెండు పక్కలా గోడ ఎంత మిగులుతుందో కొలిచి ఫోటోతో పంపండి.